టిఫిన్ వ్యాన్ మీద రాతలు: దూరం నుంచి, కదలికలో

ఇడ్లీ, దోసె, పెసరట్టు, ఉప్మా వంటి ఉదయపు ఫలహారాలను ఇళ్లకూ ఆఫీసులకూ చేరవేసే వ్యాన్ మీద వేసే పేరు, రంగు, బొమ్మ, ఫోన్ నంబరు అన్నీ కలిపి ఒక రూపకల్పన. దీన్నే వాహన బ్రాండింగ్ అంటారు. తెలుగు ఊళ్లలో ఈ పని ఎక్కువగా రేడియం స్టిక్కర్ల దుకాణాల్లో జరుగుతుంది. యజమాని పేరు చెబుతాడు, డీటీపీ ఆపరేటర్ తెర మీద దాన్ని వ్యాన్ బొమ్మపై అమరుస్తాడు, ఇద్దరూ రెండడుగుల దూరం నుంచి చూసి బాగుందనుకుంటారు, ప్లాటర్ యంత్రం వినైల్‌ను కోసేస్తుంది. పొరపాటు ఆ రెండడుగుల దగ్గరే మొదలవుతుంది. రోడ్డు మీద ఆ వ్యాన్‌ను అంత దగ్గర నుంచి, అంత తీరిగ్గా చూసేవారు ఉండరు. ఎదురుగా వచ్చే బైకు వాడికి ఒక ముఖం, ఫుట్‌పాత్ మీద నడిచేవాడికి ఇంకో ముఖం, సిగ్నల్ దగ్గర వెనక ఆగినవాడికి మరో ముఖం కనిపిస్తాయి. ఒక్కో ముఖం ఒక్కో వేగంతో కదులుతుంది, ఒక్కో వ్యవధి పాటే కంటికి దొరుకుతుంది. కాబట్టి వ్యాన్‌ను నాలుగు పక్కలా ఒకే రూపం చుట్టిన డబ్బాగా కాక, వేర్వేరు వ్యవధుల్లో చదవాల్సిన వేర్వేరు బోర్డులుగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన. ఎక్కడ ఏం రాయాలో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ ఏం రాయకూడదో ఆ వ్యవధే తేలుస్తుంది.

ముందు దూరం సంగతి. అక్షరం ఎంత ఎత్తుంటే ఎంత దూరం నుంచి చదవగలమన్నదానికి మన రోడ్ల మీదే ఒక కొలబద్ద ఉంది. అది వాహనాల నంబర్ ప్లేటు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) ప్రకారం కార్లు, వ్యాన్ల ప్లేటు మీద అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఖాళీ 10 మిల్లీమీటర్లు. డ్రైవింగ్ లైసెన్సుకు దరఖాస్తు చేసేవారు నింపే ఒకటో నంబరు ఫారం, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల నుంచి కారు నంబర్ ప్లేటును గుర్తించగలరా అని అడుగుతుంది. ఈ రెండూ కలిపితే, అక్షరం ఎత్తులో ప్రతి సెంటీమీటరుకూ దాదాపు నాలుగు మీటర్ల దూరం వస్తుంది. ఇది హాయిగా చదవగలిగే దూరం కాదు, కష్టపడితే అందే హద్దు. పైగా ఇది ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలకూ అంకెలకూ, తెల్లటి లేదా పసుపు ప్లేటు మీద నల్లటి రాతకూ, నిలకడగా ఉన్న ప్లేటుకూ వర్తించే లెక్క.

తెలుగు అక్షరానికి ఈ లెక్కను ఉన్నదున్నట్టు వాడితే దెబ్బ తింటాం. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరం రెండు మూడు గీతలతో తన ఎత్తంతా వాడుకుంటుంది. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం పైకి పోతాయి, కొమ్ము పక్కకు సాగుతుంది, వత్తు కిందికి దిగుతుంది. కోసిన స్టిక్కర్ మొత్తం 40 సెంటీమీటర్ల ఎత్తున్నా, అక్షరాన్ని గుర్తుపట్టించే మధ్య శరీరం అందులో సగం దాటి కొద్దిగానే ఉండొచ్చు. ఇంకో చిక్కు, పోలికలు దగ్గరగా ఉన్న అక్షరాలు. ప, వ, ష, స ఒకే కుటుంబం. ద, ధ, థ మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క. మ, వు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. శ్రీ, క్ష్మీ వంటి సంయుక్తాక్షరాలు దగ్గర నుంచి ఎంత అందంగా ఉన్నా, కాస్త దూరం జరిగితే ముద్దగా మారతాయి. అందుకే నంబర్ ప్లేటు లెక్కను తెలుగుకు సగానికి తగ్గించుకోవడం క్షేమమని నా అభిప్రాయం. మధ్య శరీరం ఎత్తులో సెంటీమీటరుకు రెండు మీటర్లు అనుకోవాలి. ముప్పై సెంటీమీటర్ల అక్షరం అరవై మీటర్ల నుంచి, ఇరవై సెంటీమీటర్లది నలభై మీటర్ల నుంచి అందుతుంది. ఇది పని మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. చివరికి తేల్చాల్సింది పరీక్షే, దాని పద్ధతి కింద వస్తుంది.

అక్షరాన్ని లావు చేస్తే దూరం పెరుగుతుందన్న నమ్మకం దుకాణాల్లో బలంగా ఉంది. కొంతవరకు అది నిజం. కానీ తెలుగు అక్షరాన్ని దానిలోని ఖాళీల వల్ల గుర్తుపడతాం. గీత లావవుతున్నకొద్దీ క లోని, ఠ లోని, ఫ లోని రంధ్రాలు మూసుకుపోతాయి. రామభద్ర, బాలూ తమ్ముడు వంటి బొద్దు ఫాంట్లు పత్రిక శీర్షికకు నిండుదనం ఇస్తాయి; అదే బొద్దుతనం యాభై మీటర్ల దూరంలో నల్లటి మచ్చగా తేలుతుంది. అక్షరంలోని అతి చిన్న ఖాళీ కనీసం గీత మందమంత ఉండేలా చూసుకోవడం సరైన నియమం. గీత మందం మధ్య శరీరం ఎత్తులో ఆరో వంతు దరిదాపుల్లో ఉంటే ఈ షరతు చాలా అక్షరాలకు కుదురుతుంది. అక్షరాల మధ్య ఎడం కూడా పుస్తకంలో కంటే ఎక్కువ కావాలి. ముదురు రంగు మీద తెల్లటి రాత వేస్తే ఇంకా ఎక్కువ ఎడం కావాలి, ఎందుకంటే తెలుపు తన హద్దు దాటి పరుచుకున్నట్టు కంటికి తోస్తుంది. రాత్రి హెడ్‌లైటు పడి మెరిసే రేడియం అక్షరాల్లో ఈ పరుచుకోవడం మరీ ఎక్కువ.

ఇక కదలిక. వస్తువు కంటి ముందు ఎంత వేగంగా జరిగితే దాని వివరం అంత తక్కువగా అందుతుందని 1958లో లుడ్విగ్, మిల్లర్ అనే పరిశోధకులు కొలిచి చూపారు. ఇక్కడ లెక్కకొచ్చేది కిలోమీటర్ల వేగం కాదు, చూసేవాడి కన్ను తిరగాల్సిన కోణం. వ్యాన్ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు దాదాపు 8.3 మీటర్లతో పోతోందనుకుందాం. ఇరవై మీటర్ల అవతల నిలబడ్డవాడి కన్ను సెకనుకు సుమారు 24 డిగ్రీలు తిరిగితే చాలు, కన్ను హాయిగా వెంబడించగల వేగమే అది. అదే మూడు మీటర్ల దూరంలో ఫుట్‌పాత్ మీద ఉన్నవాడికి, వ్యాన్ ఎదుటికొచ్చిన క్షణంలో ఆ వేగం సెకనుకు 150 డిగ్రీలు దాటుతుంది. అంటే అందరికంటే దగ్గర ఉన్నవాడికే పక్క రాత అందరికంటే తక్కువగా అందుతుంది. దగ్గరగా పోతే బాగా కనపడుతుందనే ఊహ కదిలే వాహనం విషయంలో తలకిందులవుతుంది.

వ్యవధి లెక్క దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. పక్క రాతను మరీ ఏటవాలుగా చూస్తే అక్షరాల వెడల్పు కుదించుకుపోతుంది. 45 డిగ్రీల వాలులో వెడల్పు పదింట ఏడు వంతులే మిగులుతుంది, గుండ్రటి తెలుగు అక్షరాల లోపలి ఖాళీలు నిలువు చీలికలవుతాయి. ఆ వాలు లోపల కనిపించే మేర మాత్రమే చదవడానికి పనికొస్తుందనుకుంటే, పది మీటర్ల దూరంలోని మనిషికి వ్యాన్ 20 మీటర్లు నడిచేంత సేపు, అంటే 2.4 సెకన్లు దొరుకుతాయి. మూడు మీటర్ల దూరంలోని మనిషికి 0.7 సెకను దొరుకుతుంది. కన్ను ఒక చోట ఆగి అక్షరాలను అందుకోవడానికి దాదాపు పావు సెకను పడుతుంది కాబట్టి, 0.7 సెకనులో రెండు మూడు ఆగుళ్లే కుదురుతాయి. ఆ కాస్తలో పట్టేది ఒక్క చిన్న పేరు. పది అంకెల ఫోన్ నంబరు, టిఫిన్ల జాబితా, ‘ఆర్డర్లు స్వీకరించబడును’ అన్న వాక్యం అక్కడ ఎంత పెద్దగా రాసినా చూసేవాడి బుర్రలోకి చేరవు. చేరకపోగా పేరును కూడా చదవనివ్వవు, ఎందుకంటే ఉన్న రెండు మూడు ఆగుళ్లలో ఒకటి వాటి మీద వృథా అవుతుంది.

వెనక భాగం పూర్తిగా వేరు. వెనక వచ్చే వాహనం దాదాపు అదే వేగంతో వస్తుంది కాబట్టి చదివేవాడి కంటికి వ్యాన్ నిలబడినట్టే ఉంటుంది. సిగ్నల్ దగ్గర నిజంగానే నిలబడుతుంది. ఎర్ర దీపం ముందు నిమిషం సేపు నాలుగైదు మీటర్ల దూరంలో ఆగిన బైకు వాడికి వ్యాన్ వెనక తలుపు తప్ప చూడటానికి వేరే ఏమీ ఉండదు. ఫోన్ నంబరు ఉండాల్సింది అక్కడ, అక్కడ మాత్రమే. దానికి పెద్ద అంకెలు కూడా అక్కర్లేదు. నంబర్ ప్లేటు అంకెల కంటే కొంచెం పెద్దగా, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సిగ్నల్ దూరానికి సరిపోయి మిగులుతుంది. పది అంకెలూ 80 సెంటీమీటర్ల లోపు వెడల్పులో పడతాయి. నోటితో చెప్పుకునేటట్టే ఐదు, ఐదుగా విడగొట్టి మధ్యలో ఒక అంకె వెడల్పు ఖాళీ వదిలితే గుర్తుంటుంది. అయితే వెనక చదవడానికి తీరిక ఉంది కదా అని అక్కడే జాబితా అంతా కుమ్మరించడం ప్రమాదం. వెనకవాడు ఆగి మాత్రమే కాదు, నడుపుతూ కూడా చూస్తాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కన్ను తిప్పితే 22 మీటర్లు చూడకుండా పోయినట్టే. పేరు, నంబరు, ఏం అమ్ముతారో చెప్పే ఒక మాట అక్కడికి చాలు.

వెనక భాగానికి ఒక శత్రువు దుమ్ము. డబ్బా ఆకారపు వాహనం వెనక గాలి ఒత్తిడి తగ్గి సుడి తిరుగుతుంది, చక్రాలు లేపిన దుమ్మునూ బురదనూ తలుపు మీదికి లాగుతుంది. కింది సగం త్వరగా మాసిపోతుంది. వాన పడిన వారానికి చూస్తే ముందుగా చెరిగేవి రాత కింది అంచున ఉండే వత్తులే. నంబరును తలుపు పై సగంలో పెట్టాలన్న నియమానికి కారణం ఇదే. పైభాగంలో అద్దం ఉంటే దాని మీద ఫిల్మ్ అంటించాలన్న ఆలోచన వస్తుంది. వాహనాల అద్దాల మీద ఫిల్ములు అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో నిషేధించింది. డ్రైవర్‌కు వెనక చూపు కూడా కావాలి. కాబట్టి అద్దాన్ని వదిలి, దాని కిందున్న రేకు పై అంచును వాడుకోవడమే దారి.

రంగు విషయంలో టిఫిన్ వ్యాన్‌కు సొంత సమస్య ఒకటుంది. అది తిరిగే వేళ తెల్లవారుజాము. చీకటి పడేటప్పుడూ వెలుగు రాకముందూ ఎరుపు నల్లబడి, నీలం, ఆకుపచ్చ కాస్త తేటగా తోస్తాయని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పంతొమ్మిదో శతాబ్దంలో గమనించాడు. దీని ఫలితం రెండు విధాలు. ఎర్రటి నేల మీద నల్లటి లేదా ముదురు ఆకుపచ్చ రాత మధ్యాహ్నం కంటికి కొడుతుంది, తెల్లవారుజామున రెండూ కలిసిపోతాయి. తెల్లటి నేల మీద ముదురు ఎరుపు రాత మాత్రం అదే వేళ ఇంకా నల్లబడి ఇంకా స్పష్టమవుతుంది. అంటే ఎరుపు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరికాదు, దాని పక్కన ఏముందన్నది ప్రశ్న. రంగుల తేడా కంటే వెలుగు నీడల తేడా ముఖ్యం. నమూనాను నలుపు తెలుపుగా ప్రింటు తీస్తే, అందులో చదవలేనిది రోడ్డు మీద ఎన్ని రంగులున్నా చదవలేం. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని చూపున్న మగవారు గణనీయంగా ఉంటారు కాబట్టి ఆ జంటను ఎలాగూ వదిలేయాలి.

రాత చదవడానికి ముందే వ్యాన్‌ను గుర్తుపట్టించేది రంగుల అమరిక. తపాలా శాఖ ఎర్ర వ్యాన్‌ను అక్షరం చదివి గుర్తుపట్టం. బ్రిటన్‌లో 1990లలో పోలీసు కార్లకు వేసిన నీలం, పసుపు గళ్ల పట్టీలను 500 మీటర్ల నుంచి గుర్తించాలన్న లక్ష్యంతోనే రూపొందించారు. అంత దూరంలో ఏ అక్షరమూ అందదు. రోజూ ఒకే వీధిలో తిరిగే టిఫిన్ వ్యాన్‌కు ఇది మరింత వర్తిస్తుంది. రెండు పెద్ద రంగుల ముక్కలు, నాలుగు పక్కలా ఒకే ఎత్తులో సాగితే చాలు. అయితే బండి మొత్తం రంగు మారితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని రంగుతో తేడా వస్తుంది, దానికి ఆర్టీవో ఆఫీసు అనుమతి, నమోదు కావాలి. అసలు రంగును ఎక్కువ భాగం ఉంచి ఒక పట్టీ కలపడం తేలిక.

ఇదంతా ఒక బండి మీద ఎలా కుదురుతుందో చూద్దాం. ‘వేకువ టిఫిన్స్’ అనే ఊహాత్మకమైన పేరు, తెల్లటి మారుతి ఈకో వ్యాన్ తీసుకుందాం. బండి పొడవు 3.675 మీటర్లు, వెడల్పు 1.475 మీటర్లు. కింది మూడో వంతు నాలుగు పక్కలా ముదురు ఎరుపు పట్టీ: ఇది గుర్తింపు, బురదను దాచే తెర కూడా. పైన తెలుపు మీద అదే ముదురు ఎరుపుతో పేరు. ‘వేకువ’కు వత్తులు లేవు, ఒక్క ఏత్వం, ఒక్క కొమ్ము. ‘టిఫిన్స్’ అన్న మాటను సగం ఎత్తులో కింద పెడతాం, ఎందుకంటే అలవాటైన మాట కాబట్టి సగం కనిపించినా పాఠకుడు పూరించుకుంటాడు. కుడి పక్క, ఎదురుగా వచ్చేవారికీ దాటిపోయేవారికీ కనిపించేది, 30 సెంటీమీటర్ల అక్షరాలతో తలుపు మీదుగా వెనక రేకు దాకా సాగుతుంది. తలుపు సందు అక్షరాల మధ్య ఖాళీలో పడాలి, అక్షరం కడుపులో పడకూడదు. ఎడమ పక్కకు ఆ అమరిక పనికిరాదు. డెలివరీకి ఆగినప్పుడు ఫుట్‌పాత్ వైపు జరుపుడు తలుపు తెరుచుకుని వెనక రేకును కప్పేస్తుంది. పేరు రెంటి మీదా సాగి ఉంటే ‘వ’ దాగిపోయి ‘వేకు’ మిగులుతుంది. అందుకే ఎడమవైపు పేరంతా తలుపు ఒక్కదాని మీదే, 20 సెంటీమీటర్ల అక్షరాలతో పెడతాం. తలుపు జరిగినా పేరు చెదరకుండా దానితోపాటే వెళ్తుంది. దూరం కొంత తగ్గుతుంది, కానీ ఆ పక్క చూసేవారు ఎలాగూ దగ్గరివారే. ముందు భాగంలో అద్దానికి పైన సన్నటి చోటే ఉంది. అక్కడ ‘వేకువ’ ఒక్కటే రాసి ఆపేయాలి.

దీనికి యజమానుల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం, డబ్బు పెట్టిన చోటు ఖాళీగా వదలడం దేనికని. ఆ ఖాళీ లేకపోతే పేరు అంచులు దేని మీద తేలుతాయో ఆలోచించాలి. పేరు చుట్టూ ఒక అక్షరం వెడల్పు తెలుపు ఉంటే అదే దూరానికి ఎత్తు పెంచినంత పని చేస్తుంది. రెండో అభ్యంతరం బరువైనది: పొగలు కక్కే ఇడ్లీ ఫొటో నోరూరిస్తుంది, వట్టి పేరు ఊరించదు. దుకాణం ముందు అది నిజమే. నలభై మీటర్ల దూరంలో తెల్లటి ఇడ్లీ, తెల్లటి చట్నీ, గోధుమ రంగు సాంబారు కలిసి బూడిద రంగు మరకగా కనిపిస్తాయి. వస్తువును చూపించాలంటే ఫొటో కంటే గీత బలమైనది. నాలుగు గిన్నెల క్యారియర్ ఆకారాన్ని నిండు రంగుతో 60 సెంటీమీటర్ల ఎత్తున కోస్తే పేరు కంటే ముందే అందుతుంది. మూడో అభ్యంతరం, బండి సగం సేపు అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడే ఉంటుంది కదా, అప్పుడు జాబితా ఉపయోగం కాదా అని. ఉపయోగమే. కాబట్టి జాబితా, ధరలు, చెల్లింపు క్యూఆర్ కోడ్, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఎఐ నంబరు ఇవన్నీ తెరిచిన తలుపు లోపలి అంచున, ఛాతీ ఎత్తులో, మూడు సెంటీమీటర్ల లోపు అక్షరాలతో ఉండొచ్చు. క్యూఆర్ కోడ్ దాని వెడల్పుకు పది రెట్ల దూరం వరకే సాధారణంగా అందుతుంది. 15 సెంటీమీటర్లది ఒకటిన్నర మీటరు. దాన్ని వెనక తలుపు మీద వేస్తే ట్రాఫిక్‌లో ఫోను బయటికి తీయమని పిలిచినట్టే.

తెలుగా ఇంగ్లిషా అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లో ఒక జవాబు, తెనాలిలో ఇంకో జవాబు ఉండొచ్చు. ఇంగ్లిష్ అక్షరం చిన్నదైనా అందుతుందన్నది పైన చెప్పిన లెక్కే. కానీ రెండు లిపులనూ సమానంగా ఒకే ముఖం మీద రాస్తే ఉన్న చోటు సగమై రెండూ ఓడిపోతాయి. ఒక ముఖానికి ఒక లిపి పెద్దగా, రెండోది కావాలంటే వెనక తలుపు మీద, తీరిక ఉన్న చోట.

కోతకు ముందు పరీక్షకు కాగితం చాలు. బండి పక్కను ఇరవయ్యో వంతుకు తగ్గించి ఏ4 కాగితం మీద ప్రింటు తీస్తే పొడవు 18 సెంటీమీటర్లు దాటి వస్తుంది, 30 సెంటీమీటర్ల అక్షరం ఒకటిన్నర సెంటీమీటరవుతుంది. దాన్ని గోడకు అంటించి రెండున్నర మీటర్ల నుంచి చూస్తే రోడ్డు మీద 50 మీటర్ల నుంచి చూసినట్టు. కదలికకు కూడా ఇదే కొలత. కాగితాన్ని మీటరు దూరంలో పట్టుకుని, తన పొడవంత దూరం అర సెకను లోపు జరిగేలా పక్కకు లాగితే, 20 మీటర్ల అవతల 30 కిలోమీటర్ల వేగంతో పోయే వ్యాన్ చూసినట్టు. తెల్లవారుజాము కోసం గదిలో లైటు తీసి కిటికీ తెర వేసి మళ్లీ చూడాలి. చూసేవాడు ఆ పేరు ముందే ఎరిగినవాడు కాకూడదు, తెలిసిన పేరును మెదడు సగం గీతల నుంచి పూరించేసుకుంటుంది. ‘చదవగలిగారా’ అని కాక ‘ఏం కనిపించింది’ అని అడగాలి, ఒక మనిషిని ఒక్కసారే అడగాలి. ‘వేకువ’కు బదులు ఎవరైనా ‘మేకువ’ అంటే లోపం వ లోని ఖాళీలో, లేదా పైనున్న ఏత్వం మరీ దగ్గరగా అంటుకోవడంలో ఉంది. ‘టిఫిన్’ మాత్రమే చెబితే పేరు, దాని కింది మాట ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయన్నమాట.

స్టిక్కర్ అంటించాక చూడాల్సినవి వేరు. ఒంపుల మీద, రేకు మడతల మీద చవకైన వినైల్ కొన్ని నెలలకు కుంచించుకుని అంచులు లేస్తాయి. కాస్ట్ వినైల్ ఒంపుకు అణిగి ఉంటుంది, ఖరీదు ఎక్కువ. వెడల్పు అర సెంటీమీటరు కంటే సన్నటి గీతలు బండి కడిగేటప్పుడు ముందుగా ఊడతాయి, అందులో చుక్కలూ వత్తు చివరలూ మొదటివి. ఎరుపు ఎండకు త్వరగా వెలిసే రంగు. పేరు రోజూ ఎండలో నిలబడే వైపు, నీడలో ఉండే వైపు ఒకే రకంగా ఉందో లేదో ఏడాదికోసారి ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి పోల్చి, తేడా కనబడితే పేరు వరకు మాత్రం కొత్త వినైల్ వేయించుకుంటే బండి మొత్తాన్ని మళ్లీ చేయించే ఖర్చు ఉండదు.